పవర్ ఎక్స్ దగ్గర ఆగిందా, వై దాకా వెళ్లిందా?

సందేహం: మా అన్న పాలమూరులో డిగ్రీ చదువుతున్నాడు. నా నోట్సులోని ఒక డిఫరెన్షియల్ ఈక్వేషన్ ఫొటో తీసి పంపితే సరిగ్గా కనిపించడం లేదని, ఫోన్‌లో చదివి చెప్పమన్నాడు. "డీవై బై డీఎక్స్ ఈక్వల్ టు ఈ పవర్ ఎక్స్ ప్లస్ వై" అని చెప్పాను. అన్న దాన్ని సెపరబుల్ అని చేశాడు. మా కాలేజీలో సార్ బోర్డు మీద లీనియర్ అని చేశారు. జవాబులు కలవడం లేదు. ఇంతకీ అది సెపరబులా, లీనియరా? తెలుగులో ఎట్లా చదివితే తేడా తెలుస్తుంది?
— ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థిని, దేవరకొండ

సమాధానం: అమ్మా, మీ అన్న చేసిందీ తప్పు కాదు, సార్ చేసిందీ తప్పు కాదు. వాళ్లిద్దరూ చేసినవి రెండు వేరువేరు లెక్కలు. మీరు ఫోన్‌లో పలికిన వాక్యం ఆ రెండింటికీ సరిపోతుంది. ఒకటి dy/dx = e^(x+y). ఇందులో x, y రెండూ కలిసి e నెత్తిన ఉన్నాయి. రెండోది dy/dx = e^x + y. ఇందులో x ఒక్కటే పైన ఉంది, y కిందికి దిగి విడిగా నిలబడింది. మొదటిది సెపరబుల్, లీనియర్ కాదు. రెండోది లీనియర్, సెపరబుల్ కాదు. సార్ బోర్డు మీద లీనియర్‌గా చేశారంటే మీ నోట్సులో ఉన్నది రెండోదే అయి ఉండాలి.

ముందు ఫొటో సంగతి చూద్దాం. చేత్తో రాసిన లెక్కలో y పైన ఉందా, కింద ఉందా అని చెప్పడానికి దాని తోకే గుర్తు. y కింది వరుసలోనే ఉంటే దాని తోక e అడుగుభాగం కంటే కిందికి వేలాడుతుంది. ఘాతంలో ఉంటే ఆ తోక e నడుము దగ్గరే ఆగిపోతుంది. ప్లస్ గుర్తును కూడా చూడాలి. అది ఈక్వల్ టు గీతల ఎత్తులోనే ఉంటే y విడి పదం. e తలకంటే పైన చిన్నగా ఉంటే ఘాతంలోనిది. అయితే ఫోన్‌ను వంకరగా పట్టుకుని తీస్తే ఈ గుర్తులు మోసం చేస్తాయి. వరుస మొత్తం కుడివైపుకు ఎక్కినట్టు పడుతుంది, చివర ఉన్న y పైకి లేచినట్టు కనిపిస్తుంది. అలాంటప్పుడు ఎడమవైపు dy కి, dx కి మధ్య ఉన్న అడ్డగీతను చూసి, అది సమంగా వచ్చేదాకా ఫొటోను తిప్పి, ఆ తర్వాత y ఎత్తు చూడాలి. పంపేటప్పుడే నోట్సులోని రూళ్ల గీతలు ఫొటోలో కనబడేటట్టు తీస్తే అవతలివాళ్లకు ఈ తిప్పలు ఉండవు.

ఇప్పుడు మీరు అడిగిన మాట సంగతి. "ఈ పవర్ ఎక్స్ ప్లస్ వై" అన్నప్పుడు పవర్ ఎక్కడ ముగిసిందో చెప్పే గుర్తు ఆ మాటల్లో ఎక్కడా లేదు. మనం క్లాసులో "ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్" అంటాం. అక్కడ "హోల్" అనే మాట ముందు చెప్పినదంతా ఒక కట్ట అని చెబుతుంది. పవర్‌లో ఉన్నదాన్ని అట్లా కట్టగట్టే మాట మనకు అలవాటు కాలేదు. కానీ తెలుగులో విభక్తి ఆ పని చక్కగా చేస్తుంది. "ఈ పవర్ ఎక్స్‌కు వై కలపాలి" అని చూడండి. "కు" చేరగానే పవర్ అక్కడితో ముగిసింది, ఇక వినేవాళ్లు y ని పైకి ఎక్కించలేరు. e^(x+y) కి అయితే "ఎక్స్ ప్లస్ వై మొత్తం ఈ మీద పవర్‌గా ఉంది" అనండి. ఘాతాన్ని ముందు చెప్పి, "మొత్తం" అని కట్టి, ఆ తర్వాత e ని చెబితే సందేహానికి చోటు ఉండదు. తెలుగు మీడియంలో చదివినవాళ్లు పవర్ అనే చోట ఘాతం అంటారు, వాక్యం మాత్రం ఇదే.

మాట కుదిరింది కాబట్టి రకం గుర్తించడానికి వెళ్దాం. ముందుగా dy/dx ఒక్కటే ఎడమవైపు ఉండేలా రాసుకోండి. కుడివైపు మిగిలినదాన్ని "x మాత్రమే ఉన్నది ఒకటి, y మాత్రమే ఉన్నది ఇంకొకటి, ఆ రెండింటి గుణకారం" అన్నట్టు రాయగలిగితే అది సెపరబుల్. గుణకారంగా రావడం ముఖ్యం. కూడిక సరిపోదు. e^(x+y) లో కనిపించేది కూడికే అయినా, అది ఘాతంలో ఉంది కాబట్టి e^x · e^y గా విడిపోతుంది. అందుకే మీ అన్న లెక్క నడిచింది. e^y ని అవతలివైపుకు తెస్తే e^(-y) dy = e^x dx. రెండువైపులా ఇంటిగ్రేట్ చేస్తే -e^(-y) = e^x + c. స్థిరాంకం గుర్తు మార్చి రాసుకుంటే e^x + e^(-y) = C.

e^x + y విషయంలో ఆ పని జరగదు. జరగదని మనసుకు తోచడం వేరు, తేల్చుకోవడం వేరు. తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. x కు 0, 1, y కి 0, 1 ఇచ్చి కుడివైపు విలువలు నాలుగు రాసుకోండి. x, y రెండూ 0 అయితే 1 వస్తుంది. రెండూ 1 అయితే e + 1, అంటే సుమారు 3.72. x 0, y 1 అయితే 2. x 1, y 0 అయితే e, అంటే సుమారు 2.72. సెపరబుల్ అయితే మొదటి రెండింటి లబ్ధం, తర్వాతి రెండింటి లబ్ధం సమానం కావాలి. ఇక్కడ ఒకటి 3.72, మరొకటి 5.44. కాబట్టి ఇది విడిపోదు, ఎంతసేపు తిప్పినా విడిపోదు. ఇదే పరీక్ష e^(x+y) కి చేస్తే రెండు లబ్ధాలూ e² వస్తాయి. ఒక జాగ్రత్త ఉంది. లబ్ధాలు సమానం కాకపోతే సెపరబుల్ కాదని గట్టిగా చెప్పవచ్చు. సమానమైతే మాత్రం కేవలం ఆ నాలుగు విలువలను చూసి సెపరబుల్ అని తీర్పు ఇవ్వలేం, కారణాంకాలుగా విడగొట్టి చూపించాల్సిందే.

లీనియర్‌కు చూడాల్సింది y నే. y, dy/dx రెండూ ఒకటో ఘాతంలోనే ఉండాలి, ఒకదానితో ఒకటి గుణించుకోకూడదు, y పోయి e నెత్తిన గానీ సైన్ లోపల గానీ కూర్చోకూడదు. x ఎట్లా ఉన్నా ఫరవాలేదు. చాలామంది విద్యార్థులు e^x ను చూడగానే "ఇది లీనియర్ ఎట్లా అవుతుంది" అని భయపడతారు. e మీద ఉన్నది x కాబట్టి భయం లేదు. y ని ఎడమవైపుకు తెచ్చి dy/dx - y = e^x అని రాస్తే లీనియర్ రూపం వచ్చేసింది. y ముందున్న గుణకం -1, కాబట్టి ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్ e^(-x). ఆ మైనస్‌ను వదిలేసి e^x తీసుకోవడం పరీక్షల్లో తరచుగా జరిగే పొరపాటు. e^(-x) తో అంతా గుణిస్తే ఎడమవైపు y e^(-x) యొక్క అవకలజం అవుతుంది, కుడివైపు 1 మిగులుతుంది. అంటే y e^(-x) = x + c, కనుక y = (x + c) e^x. దీన్ని అవకలనం చేస్తే e^x + (x + c) e^x, అంటే e^x + y. మీ సార్ జవాబు ఇదే అయి ఉంటుంది. మీ నోట్సుతో పోల్చి చూడండి.

ఇదే తికమక భిన్నాల్లో ఇంకా ఎక్కువ. "ఒకటి బై ఎక్స్ ప్లస్ వై" అంటే 1/x + y కావచ్చు, 1/(x+y) కూడా కావచ్చు. ఫొటోలో భిన్నం గీత ఎంత పొడవు ఉందో చూడాలి. y కింద దాకా సాగలేదు అనిపిస్తే, అక్కడ నీడ పడిందా, ఫొటో అంచు తెగిందా అని కూడా చూడాలి. ఇక్కడ లెక్కే మనకు ఒక హెచ్చరిక ఇస్తుంది. dy/dx = 1/x + y అనుకుంటే అది లీనియరే, కానీ చివరికి e^(-x)/x ను ఇంటిగ్రేట్ చేయాల్సి వస్తుంది. మనకు తెలిసిన మామూలు ఫంక్షన్లలో దానికి జవాబు లేదు. ఇంటర్ పుస్తకంలో లెక్క చేస్తూ ఇట్లాంటి చోట ఇరుక్కున్నారంటే టెన్షన్ పడి మూడు పేజీలు నింపకుండా ఫొటో మళ్లీ తెరవండి. dy/dx = 1/(x+y) అయితే y పరంగా చూసినప్పుడు లీనియర్ కాదు, సెపరబుల్ కూడా కాదు. తలకిందులు చేసి dx/dy = x + y అని రాస్తే x పరంగా లీనియర్ అయిపోతుంది. ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్ e^(-y), జవాబు x + y + 1 = c e^y. అందుకని y పరంగా కుదరలేదని వదిలేసే ముందు ఒకసారి తిప్పి చూడాలి.

చదివేటప్పుడు కూడా పై పద్ధతే పనికి వస్తుంది. "ఎక్స్ ప్లస్ వై మొత్తం కింద, పైన ఒకటి" అంటే ఒక లెక్క. "ఒకటి బై ఎక్స్‌కు వై కలపాలి" అంటే ఇంకో లెక్క.

ఇక మీ ప్రశ్నలోని "సెపరబులా, లీనియరా" అన్న మాట గురించి. తెలుగులో అట్లా అడిగితే రెండింటిలో ఏదో ఒకటే అయి ఉండాలని వినేవాళ్లు అనుకుంటారు. మీ లెక్కకు అది సరిపోయింది. అన్నింటికీ సరిపోదు. dy/dx + 2xy = x తీసుకోండి. చూడగానే లీనియర్ అని తెలుస్తుంది, రూపం అట్లాగే ఉంది. కానీ 2xy ని కుడివైపుకు పంపితే dy/dx = x(1 - 2y), కాబట్టి సెపరబుల్ కూడా. లీనియర్ పద్ధతిలో ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్ e^(x²), జవాబు y = 1/2 + k e^(-x²). వేరుచేసి చేసినా ఇదే వస్తుంది. అయితే ఆ దారిలో 1 - 2y తో భాగిస్తాం కాబట్టి y = 1/2 అనే సాధన చేతిలోంచి జారిపోతుంది. తర్వాత k కు 0 విలువ కూడా ఇవ్వవచ్చని గుర్తు పెట్టుకుని దాన్ని తిరిగి కలుపుకోవాలి. లీనియర్ పద్ధతిలో ఆ ఇబ్బంది లేదు, అందుకని రెండూ కుదిరే చోట నేనైతే లీనియర్‌గా చేయమంటాను. ప్రశ్నను "ఇది సెపరబుల్ అవుతుందా? లీనియర్ కూడా అవుతుందా?" అని రెండుగా విడగొట్టి అడిగితే రెండు పరీక్షలూ చేసి చూడాలని మీ అన్నకూ గుర్తుంటుంది.