రాత్రిని రెండు వంతులు చెయ్యి

నాన్నా,

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన మాట నా మనసులోంచి పోలేదు. "బాబాయ్, పాప పుట్టాక మేమిద్దరం ఇప్పుడు డ్యూటీలు మారే కాపలావాళ్లలా ఉన్నాం" అన్నావు. ప్రేమ తగ్గిపోయిందేమోనని నీ భయం. నాకైతే అది నిద్ర కరువులాగే కనిపిస్తోంది.

మా పెద్దాడు పుట్టినప్పుడు నేనొక తప్పు చేశాను. పొద్దున్నే ఆఫీసుందని పక్క గదిలో పడుకునేవాణ్ణి. మీ పిన్ని ఏమీ అనలేదు. అనలేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నాను. రెండు నెలలయ్యేసరికి నేను గదిలోకి వస్తే ఆమె ముఖం తిప్పుకునేది. అప్పటికిగానీ నాకు అర్థం కాలేదు.

మీరిద్దరూ ఇప్పుడు చేస్తున్నది మరో తప్పు. పాప ఏడ్చిన ప్రతిసారీ ఇద్దరూ లేస్తున్నారు. పసిపిల్లలకు రెండు మూడు గంటలకోసారి పాలు కావాలి. అలా ముక్కలు ముక్కలుగా ఏడు గంటలు పడుకున్నా, ఆగకుండా నాలుగైదు గంటలు పడుకున్నంత తేట రాదు. నిద్ర తెగితే ముందు పోయేది ఓపిక. అప్పుడు "డైపర్ ఎక్కడ పెట్టావ్?" అన్న మామూలు మాట కూడా నేరం మోపినట్టు వినిపిస్తుంది.

అందుకే రాత్రిని పంచుకోండి. తొమ్మిదింటికి పాలిచ్చి మీ ఆవిడ పడుకోవాలి. అప్పట్నుంచి రెండింటిదాకా పాప నీది. మధ్యలో ఒకసారి, ముందే పిండి ఫ్రిజ్‌లో పెట్టిన పాలు నువ్వు పట్టు. రెండింటి నుంచి ఏడింటిదాకా ఆమె చూసుకుంటుంది, నువ్వు పడుకో. ఎవరి వంతు కానప్పుడు వాళ్లు వేరే గదిలోనే పడుకోవాలి, తలుపు వేసుకుని. అప్పుడు నేను చేసిన పనే కదా ఇది అంటావేమో. నేను రాత్రంతా తప్పించుకున్నాను, అదీ తేడా.

పాలు ఇంకా కుదురుకోకపోతే, అంటే మొదటి నెలా నెలన్నర, ఇలా పూర్తిగా విడదీయొద్దు. తల్లి పాలివ్వడం మానేస్తే పాలు తగ్గుతాయి. అప్పుడు పాపను నువ్వే ఎత్తుకొచ్చి ఆమెకు అందించు. తాగాక తేన్పు తీయించడం, డైపర్ మార్చడం, నిద్రపుచ్చడం నీ పని. ఆమె ఇరవై నిమిషాల్లో మళ్లీ పడుకోవచ్చు. తర్వాత పాలు పిండి పెట్టే రోజులొచ్చినా, ఒక పూట వదిలేసినందుకు రొమ్ములు గట్టిపడి నొప్పిచేస్తే కొంచెం పిండేసుకోమను. నువ్వు మాత్రం పాపను ఎత్తుకుని సోఫాలో నిద్రపోవద్దు. అది పాపకు చాలా ప్రమాదం. కళ్లు మూతలు పడుతుంటే పాపను దాని పడక మీద వెల్లకిలా పడుకోబెట్టేయి.

రెండింటికి వంతు మారేటప్పుడు మాటలొద్దు. ఎప్పుడు తాగింది, ఎంత తాగింది అని చీటీ మీద రాసిపెట్టు. ఆ వేళలో పుట్టిన ఏ ఫిర్యాదూ అప్పుడే చెప్పుకోకూడదని మేం రెండోవాడి టైములో ఒప్పందం చేసుకున్నాం. పొద్దున్నకు సగం మేమే మర్చిపోయేవాళ్లం. మిగిలిన సగం నిజంగా మాట్లాడుకోవాల్సినవే.

సాయంత్రం ఎనిమిదిన్నరకు, ఆమె పడుకోబోయే ముందు, ఒక పావుగంట మీది. ఆ కాసేపు పాలు, టీకాలు, సామాన్ల ముచ్చట వద్దు. ఇద్దరికీ మాట్లాడే ఓపిక లేకపోతే ఊరికే పక్కపక్కన కూర్చోండి.

ఇక బాబాయి చెప్పాల్సిన మాట కాదనుకోకుండా విను. రోజంతా పాప ఒంటిమీదే ఉండేసరికి, సాయంత్రానికి ఇంకెవరూ తాకకపోతే బాగుండనిపిస్తుంది తల్లికి. నువ్వు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ వెనక ఇంకో కోరిక ఉందేమోనని ఆమెకు అనిపిస్తే, చెయ్యి పట్టుకోనివ్వడం కూడా మానేస్తుంది. అందుకే భుజాలు పట్టావంటే అంతటితో ఆగు. ముందు "పట్టనా?" అని అడుగు. డాక్టర్ చూసి పర్వాలేదన్నాక కూడా, పాలిచ్చే రోజుల్లో ఈస్ట్రోజెన్ తక్కువగా ఉండి లోపల పొడిబారుతుంది, కలిసినప్పుడు నొప్పిగా ఉండొచ్చు. అది నీ మీద అయిష్టం కాదు. లూబ్రికెంట్ సాయం చేస్తుంది. అయినా నొప్పి తగ్గకపోతే డాక్టర్‌కి చెప్పాలి, ఓర్చుకోకూడదు.

ఒక్కటి మాత్రం కనిపెట్టి ఉండు. పాప నిద్రపోతున్నా, తన వంతు కాకపోయినా ఆమెకు నిద్ర పట్టకపోతున్నా, ఏడుపూ దిగులూ రెండు వారాలు దాటినా, వంతులతో తీరేది కాదది. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. నీకూ అలాగే ఉంటే దాచకు, మగాళ్లకూ వస్తుంది.

ఇవాళే మొదలుపెట్టి మూడు రాత్రులు చూసి ఫోన్ చెయ్యి. రెండింటికి బదులు ఒంటిగంటకు మారడం మీకు నయమనిపిస్తే అలాగే మార్చుకోండి. ఎలాగూ నెల తిరక్కుండా పాప ఆ టైములన్నీ తనే మార్చేస్తుంది.

మీ బాబాయి