కొత్త వదిన గుమ్మం ముందుకొచ్చాక ఆడపడుచు చేయాల్సింది

ప్రశ్న: అన్నయ్య పెళ్లయింది. రేపు వదినను కూకట్‌పల్లి ఫ్లాట్‌కి తీసుకొస్తున్నారు. ఆడపడుచుగా నేనేం చేయాలి, ఎలా పలకరించాలి?

ముందు ఎర్రనీళ్లు కలిపి పెట్టుకోండి. పళ్లెంలో నీళ్లు పోసి చెంచాడు పసుపు, శనగగింజంత సున్నం వేస్తే ఎర్రబడతాయి. పసుపుగానే ఉండిపోతే సున్నం చాలలేదన్నమాట, ఇంకాస్త వేయండి. సున్నం ఏ పాన్ డబ్బాలో అడిగినా ఇస్తారు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, మూడుసార్లు దిష్టి తీసి, ఎవరూ తొక్కని చోట పారబోయాలి. ఫ్లాట్‌లో ఇదే తంటా. కారిడార్ టైల్స్ మీద మరక పడుతుంది, కిందికెళ్లి చెట్టు మొదట్లో పోయించండి.

ఆ తర్వాత గుమ్మానికి అడ్డం నిలబడి పేర్లు చెప్పించడం మీ వంతు. "ఎవరొచ్చారు?" అంటే వదిన మీ అన్నయ్య పేరు చెప్పి "నేనూ వచ్చాం" అనాలి. మా ఇంట్లో పదిమంది ఫోన్లు పట్టుకుని వీడియో తీస్తుంటే టెన్షన్‌తో మా వదినకి గొంతు పెగల్లేదు, పాపం. అందుకే ముందే చెవిలో చెప్పి ఉంచండి. ఒక్కసారి చెప్పగానే పక్కకు జరగండి. అన్నయ్య దగ్గర కట్నం తర్వాతైనా గుంజవచ్చు!

బియ్యం చెంబును కుడికాలితో మెల్లగా తోసి లోపలికొచ్చాక, "రా వదినా, కాస్త మొహం కడుక్కుందువుగానీ" అంటే చాలు. వయసులో మీకంటే చిన్నదైనా పిలుపు మాత్రం వదినే.