అక్క పెండ్లికి సెలవు: జ్వరమని చెప్పాలా, నిజం చెప్పాలా?

ప్రశ్న: మా చిన్న పాప బీటెక్ ఆఖరి సెమిస్టర్. బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ చేస్తోంది. వచ్చే నెలలో మా పెద్దమ్మాయి పెండ్లి. బుధవారం రాత్రి రిసెప్షన్, గురువారం తెల్లవారుజామున ముహూర్తం. సోమవారం నుంచి శుక్రవారం దాకా సెలవు పెట్టమంటే, అడిగితే ఉద్యోగం ఇవ్వరేమోనని ఏడుస్తోంది. ఆ రోజుకు జ్వరమని చెప్పెయ్యమని నేనంటున్నా. అసలు ఎన్ని రోజుల ముందు చెప్పాలి? ఇంట్లో నుంచి చేసే ఇంటర్న్‌షిప్ తీసుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు కదా? – ఒక తండ్రి, తాడిపత్రి

జవాబు: ముందు పాపకు ధైర్యం చెప్పండి. సొంత అక్క పెండ్లికి ముందుగా అడిగి మూడు రోజులు సెలవు తీసుకున్నంత మాత్రాన ఉద్యోగం పోదు. ఇంటర్న్‌ను ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు మెంటర్ చూసేది ఇచ్చిన పని ఎలా చేసింది, పని ఆగినప్పుడు నోరు తెరిచి చెప్పిందా లేదా అన్నదే. సెలవు అడిగినందుకు కాదు, చెప్పకుండా మాయమైనందుకు చెడ్డపేరు వస్తుంది.

ఇక జ్వరం సంగతి. అన్నా, ఈ సలహా మీరు ఇవ్వకుండా ఉండాల్సింది. పెండ్లికి మీకు ఉన్న పెద్ద సౌకర్యం ఏమిటంటే, తేదీ నెల ముందే తెలుసు. జ్వరమన్నారంటే ఆ సౌకర్యాన్ని మీ చేత్తో మీరే పారేసుకున్నట్టు. జ్వరం గురించి ఎవరూ నెల ముందు చెప్పరు, ఆ ఉదయమే చెప్పాలి. అంటే ఆమె చేయాల్సిన పనిని ఇంకొకరికి అప్పజెప్పే వ్యవధి టీమ్‌కు ఉండదు. రెండు రోజులు దాటితే చాలా కంపెనీలు డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతాయి. అప్పుడు తెలిసిన డాక్టర్ దగ్గరికి పరిగెత్తి లేని జ్వరానికి కాగితం రాయించాలి. ఒక చిన్న అబద్ధం అక్కడ దొంగ సర్టిఫికెట్ అయిపోతుంది. ఈలోగా పెండ్లి ఫోటోలు బంధువులెవరో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి ఆమె పేరు తగిలిస్తారు. ఆ తర్వాత నిజంగానే టైఫాయిడ్ వస్తే నమ్మేవాళ్లెవరు?

మీరు ఐదు రోజులు అడుగుతున్నారు. నా లెక్కలో మూడు చాలు. మంగళవారం పని ముగించుకుని రాత్రి బస్సు ఎక్కితే బుధవారం తెల్లారేసరికి ఇంట్లో ఉంటుంది. బుధ, గురు, శుక్రవారాలు సెలవు. వాళ్ల ఆఫీసుకు శని, ఆదివారాలు సెలవే అయితే ఇంట్లో ఐదు రోజులు ఉన్నట్టే. ఆదివారం రాత్రి బయల్దేరి సోమవారం ఆఫీసుకు వెళ్లొచ్చు. సోమవారం పెండ్లికూతుర్ని చేసేటప్పుడు చెల్లెలు పక్కన లేకపోతే మీ ఇంట్లో వాళ్లకు కష్టంగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ రెండు రోజుల కోసం వారమంతా అడిగితే, మూడు రోజులకు వెంటనే సరే అనేవాళ్లు కూడా ఆలోచనలో పడతారు. సోమ, మంగళవారాలు ఇంటి నుంచి పని చేస్తానని అడగమని కూడా చెప్పకండి. పందిరి వేస్తున్న ఇంట్లో, మైకు మోగుతుంటే మీటింగ్‌లో కూర్చోవడం జరిగే పని కాదు. పనీ చెడుతుంది, పెండ్లి సంబరమూ దక్కదు.

ఎన్ని రోజుల ముందు అంటే, పెండ్లి లాంటి వాటికి తేదీ ఖాయమైన వారంలోనే మెంటర్‌కు నోటిమాటగా చెప్పాలి. మీకు ముహూర్తం ఖాయమైంది కాబట్టి పాప రేపే చెప్పాలి. రాతపూర్వకంగా మెయిల్ కనీసం రెండు వారాల ముందు వెళ్లాలి. ఒక్క రోజు సెలవైతే మూడు నాలుగు పనిదినాల ముందు చెప్పినా సరిపోతుంది. ఇవి నేను పిల్లలకు చెప్పే లెక్కలు. ఆఫర్ లెటర్‌లో వేరే గడువు రాసి ఉంటే దాన్నే పాటించాలి. సెలవు రోజులకు స్టైపెండ్ కోస్తారా లేదా అన్నది కూడా అందులోనే ఉంటుంది, ఒకసారి తీసి చదవమనండి.

నోటిమాటగా చెప్పేటప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి: ఆ వారంలో డెమో కానీ రిలీజ్ కానీ ఉందా? ఉందని ఇప్పుడే తెలిస్తే తన భాగం ముందు వారమే పూర్తి చేయొచ్చు. ఈ సంగతి రెండు రోజుల ముందు బయటపడితేనే అందరికీ టెన్షన్.

మెయిల్ మెంటర్‌కు పంపి, హెచ్‌ఆర్‌కు కాపీ పెట్టాలి. ఇంగ్లిష్‌లో తన మాటల్లో రాసుకోవచ్చు, సారాంశం ఇంతే ఉండాలి:

"మా అక్క పెండ్లి గురువారం తాడిపత్రిలో జరుగుతుంది. ఫలానా తేదీ బుధవారం నుంచి శుక్రవారం వరకు మూడు రోజులు సెలవు కావాలి. సోమవారం ఆఫీసుకు వస్తాను. నా చేతిలో ఉన్న పనిని మంగళవారానికి పూర్తి చేస్తాను. మిగిలింది ఎక్కడిదాకా వచ్చిందో రాసి టీమ్‌లో ఫలానా వారికి ఇస్తాను. దయచేసి అనుమతి తెలియజేయగలరు."

బతిమాలడాలు, కుటుంబ కథలు అక్కర్లేదు. అనుమతి వచ్చినట్టు జవాబు చూశాకే టికెట్ తీసుకోవాలి. జవాబు రాకపోతే రెండు రోజులు ఆగి మళ్లీ అడగాలి, మౌనాన్ని అంగీకారం అనుకోకూడదు. అనుమతి వచ్చాక, పెండ్లికి ముందు వచ్చే సోమవారం ఒక్క మాట గుర్తు చేస్తే చాలు.

నిజంగా జ్వరం వస్తే పద్ధతి వేరు. ఆ ఉదయం పని మొదలయ్యే వేళకు ముందే మెంటర్‌కు రెండు ముక్కల మెసేజ్ పెట్టాలి: ఒంట్లో బాగాలేదు, ఈరోజు రాలేను, రేపటి సంగతి సాయంత్రం చెబుతాను. మొదటి రోజే వారం సెలవు అడగొద్దు. డాక్టర్‌ను ఆరోజే చూపించుకుని, తేదీ ఉన్న ఓపీ చీటీ దాచుకోవాలి. కోలుకున్నాక వెళ్లి గడిచిన రోజులకు సర్టిఫికెట్ ఇమ్మంటే, తాను చూడని రోజులకు డాక్టర్ రాయకూడదు. ఆసుపత్రిలో చేరి ఫోన్ పట్టుకోలేని స్థితిలో ఉంటేనే మీరు మాట్లాడండి. మిగతా ఏ సందర్భంలోనూ తండ్రి హెచ్‌ఆర్‌కు ఫోన్ చేయకూడదు. మీరు ప్రేమతోనే చేస్తారు, కానీ అవతల వాళ్లకు ఈ అమ్మాయి తన సెలవు తాను అడగలేకపోతోందన్న సంగతే అర్థమవుతుంది.

ఇక ఇంటి నుంచి చేసే ఇంటర్న్‌షిప్. ఈ మధ్య అందరూ దీనివైపే మొగ్గుతున్నారు, నాకు మాత్రం అనుమానాలున్నాయి. ఇంటి నుంచే అయినా రోజూ మీటింగ్, చేసిన పనిని చూసి తప్పు దిద్దే మనిషి ఉంటే అది మంచిదే. అక్కడా సెలవు ఇలాగే అడగాలి. కానీ మా దగ్గరికి వచ్చే వాటిలో చాలావరకు కొన్ని వీడియోలు, చివర ఒక క్విజ్, ఒక సర్టిఫికెట్. వారం రోజులు కనిపించకపోయినా ఎందుకు రాలేదని అడిగే దిక్కుండదు. మీరు సుఖమనుకుంటున్నది అదే. సెలవు అడగాల్సిన అవసరమే లేదంటే, మన పని కోసం అక్కడ ఎవరూ ఎదురుచూడటం లేదన్నమాట. ఇంటర్వ్యూలో ఆ ఆరు నెలలు ఏం చేశావని అడిగితే అలాంటి పిల్లలు తడబడటం చాలాసార్లు చూశాను. మీ పాప సెలవు అడగడానికి భయపడుతోందంటే, ఆమె లేకపోతే ఆగే పని అక్కడ ఒకటుందని అర్థం. ఆ చోటు వదిలించకండి.

ఇంకొకటి, చాలామంది మరిచిపోయేది. ఆఖరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌కు కాలేజీలో క్రెడిట్లు ఉంటాయి కాబట్టి కంపెనీ అనుమతి ఒక్కటే చాలదు, కాలేజీ గైడ్‌కూ ఆ మెయిల్ పంపాలి. లాగ్‌బుక్‌లో ఆ మూడు రోజులు సెలవనే రాయాలి, పని చేసినట్టు నింపకూడదు. కొన్ని కంపెనీలు సెలవు రోజులను చివర్లో కలిపి ఇంటర్న్‌షిప్ పొడిగిస్తాయి. అలాగైతే కంప్లీషన్ సర్టిఫికెట్ తేదీ జరిగి కాలేజీ వైవా తర్వాతకు పోవచ్చు. నా ముగింపు తేదీ మారుతుందా అని పాప హెచ్‌ఆర్‌ను ఇప్పుడే అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకుంటే మంచిది. మారుతుందంటే వైవాకు ముందు తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారేమో అదే మెయిల్‌లో అడగమనండి.