రెండుకు రెండు మాటలు: మాండరిన్‌లో ‘అర్’, ‘లియాంగ్’

ప్రశ్న: మాండరిన్ నేర్చుకుంటున్నాను. రెండును ఒకచోట ‘అర్’ అంటారు, ఇంకోచోట ‘లియాంగ్’ అంటారు. మన ‘రెండు’, ‘ఇద్దరు’ లాంటి తేడానా ఇది? ఫోన్ నంబర్లు, సంవత్సరాలు, లెక్కలు చదివేటప్పుడు ఏది వాడాలి?

సమాధానం: మనుషులకు ఒకటి, వస్తువులకు ఒకటి అన్న విభజన కాదు. ‘ఎన్ని?’ అని అడిగితే వచ్చే జవాబు లియాంగ్. అంకె పేరు, వరసలో స్థానం చెప్పేది అర్. (మాండరిన్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో రాసినప్పుడు b, d, g గా కనిపించేవి చెవికి మన ప, త, క లకే దగ్గర. అందుకే ఇక్కడ అలా రాస్తున్నాను. స్వరాల ఎత్తుపల్లాలు మన లిపికి అందవు, వాటిని విని నేర్చుకోవాల్సిందే.)

మనం ‘రెండు జతల చెప్పులు’ అన్నప్పుడు మధ్యలో వచ్చే ‘జత’ లాంటి మాట చైనీయులకు దాదాపు ప్రతి వస్తువుకూ కావాలి. ఆ మాట ముందు ఒంటరిగా నిలిచే రెండు, లియాంగ్. ఇద్దరు మనుషులు ‘లియాంగ్ క రన్’, రెండు పుస్తకాలు ‘లియాంగ్ పన్ షూ’. నెలల దగ్గర తేడా బాగా తెలుస్తుంది: ‘అర్ యుఎ’ అంటే రెండో నెల, ఫిబ్రవరి, ‘లియాంగ్ క యుఎ’ అంటే రెండు నెలల కాలం. ఈ లెక్కన గడియారంలో రెండు గంటలకు అర్ రావాలి కదా అనిపిస్తుంది, కానీ అక్కడ ‘లియాంగ్ త్యెన్’ అనే అంటారు. దాన్ని అలాగే గుర్తుపెట్టుకోవాలి.

మీరు ఎత్తిన ‘ఇద్దరు’ ఒక్క విషయంలో మాత్రం పనికొస్తుంది. మనం ‘ఇద్దరు’ అంటాం గానీ పన్నెండు దగ్గరికి వచ్చేసరికి ‘పన్నెండు మంది’ అంటాం. అక్కడా అంతే. పన్నెండు మంది ‘షి అర్ క రన్’, ఇరవై రెండు మంది ‘అర్ షి అర్ క రన్’. పదుల స్థానంలోనూ, పది దాటిన సంఖ్యలో ఒకట్ల స్థానంలోనూ ఎప్పుడూ అర్ మాత్రమే. వందల దగ్గర అర్ పై, లియాంగ్ పై రెండూ వినిపిస్తాయి. వేయి (ఛ్యెన్), పదివేలు (వాన్) ముందు మామూలుగా లియాంగ్. కాబట్టి 22,222ను ‘లియాంగ్ వాన్ లియాంగ్ ఛ్యెన్ అర్ పై అర్ షి అర్’ అని చదవాలి.

తెలుగువాళ్లు తడబడేది లక్షల దగ్గర. చైనీయులు పదివేలను ఒక మెట్టుగా ఎక్కుతారు, లక్షకు వాళ్లకు వేరే పేరు లేదు. మన రెండు లక్షలు వాళ్లకు ఇరవై పదివేలు, ‘అర్ షి వాన్’. మనసులో ‘రెండు’ ఉంది కదా అని లియాంగ్‌తో మొదలుపెట్టి ‘లియాంగ్ వాన్’ అంటే ఇరవై వేలే అవుతుంది.

సంవత్సరాన్ని మాత్రం లెక్కగా చదవరు, అంకెకు అంకె చదువుతారు. 2022ను చూడండి. సంవత్సరమైతే ‘అర్ లింగ్ అర్ అర్ న్యెన్’. అదే 2,022 సంఖ్యగా వస్తే ‘లియాంగ్ ఛ్యెన్ లింగ్ అర్ షి అర్’. మధ్యలోని లింగ్ సున్నా, దాన్ని మింగేయకూడదు. ఎందుకంటే ‘లియాంగ్ ఛ్యెన్ అర్’ అంటే వాడుకలో 2,200. ‘లియాంగ్ ఛ్యెన్ లింగ్ అర్’ అంటే 2,002. బేరమాడే చోట ఈ ఒక్క అక్షరానికి 198 యువాన్‌ల తేడా వస్తుంది. 2000 సంవత్సరాన్ని ‘అర్ లింగ్ లింగ్ లింగ్ న్యెన్’ అంటే సందిగ్ధం ఉండదు. ‘లియాంగ్ ఛ్యెన్ న్యెన్’ అని కూడా అంటారు గానీ, దానికి రెండు వేల ఏళ్లు అన్న అర్థమూ ఉంది.

ఫోన్ నంబర్లలోనూ అర్ మాత్రమే. మనకున్న ‘డబుల్ టూ’ అలవాటు అక్కడ పనిచేయదు, ‘అర్ అర్’ అని విడివిడిగా పలకాలి. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది అసలు ఒకటి దగ్గర. ఒకటి ‘ఈ’, ఏడు ‘ఛీ’. రెండూ ఒకే ప్రాసలో ఉండడం వల్ల ఫోన్‌లో ఒకదాన్ని ఇంకొకటిగా వింటారు. అందుకే చైనా ప్రధాన భూభాగంలో నంబర్లు చెప్పేటప్పుడు ఒకటిని ‘యావ్’ అంటారు. అంబులెన్సు 120 ‘యావ్ అర్ లింగ్’, పోలీసులకు 110 ‘యావ్ యావ్ లింగ్’. హోటల్లో 1202 గది ‘యావ్ అర్ లింగ్ అర్’. ఈ యావ్‌ను సంవత్సరాలకు అంటించకండి: 2012 ‘అర్ లింగ్ ఈ అర్ న్యెన్’. యుద్ధ సినిమాల్లో వైర్‌లెస్ మీద అంకెలు చెప్పే సైనికులు రెండుకు లియాంగ్ వాడటం వింటే కంగారు పడొద్దు. అది సైన్యం తన కోసం పెట్టుకున్న పద్ధతి, బయట ఫోన్ నంబర్లకు వర్తించదు.

లియాంగ్ అనే మాటే తూకం పేరు కూడా. చైనాలో ఇప్పుడు అది 50 గ్రాములు. ఆ తూకంలో రెండు కావాలంటే ‘లియాంగ్ లియాంగ్’ అనరు, ‘అర్ లియాంగ్’ అంటారు. హోటల్లో జ్యావ్‌జ కుడుములు ‘అర్ లియాంగ్’ అని ఆర్డరిస్తే రెండు కుడుములు రావు, 100 గ్రాముల లెక్కకు పెట్టే ప్లేటు వస్తుంది.