ఏడాదికోసారి ఇంటి డబ్బు లెక్క: మేం ఎలా చూసుకుంటాం

ప్రశ్న: "ఏటా మార్చి అయ్యాక మా ఆస్తులన్నీ ఒక షీట్‌లో వేసుకుంటున్నాను. మొత్తం పెరిగిందని కనిపిస్తుంది, అంతటితో మూసేస్తున్నాను. అసలు ఇందులో ఏం చూడాలి? ఈక్విటీ, డెట్ 60:40 అనుకున్నాం, ఇప్పుడు 70:30 దగ్గరుంది. కొంత అమ్మేయాలా?"

మేం విజయవాడలో ఉంటాం. ఇద్దరం ఉద్యోగస్తులం, ఒక పాప. పదేళ్లుగా ఏప్రిల్ మొదటి ఆదివారం పొద్దున నేనూ మా ఆయనా ఈ లెక్కకి కూర్చుంటున్నాం. విలువలన్నీ మార్చి 31 నాటివే తీసుకుంటాం. ఉగాది రోజు కూర్చోవాలని మా ఆయనకి సరదా ఉండేది కానీ, పండగ తేదీ ఏటా మారుతుంది. ఒక ఏడు పదకొండున్నర నెలలకి, ఇంకో ఏడు పన్నెండున్నర నెలలకి లెక్క వేస్తే పోల్చడానికి ఏమీ ఉండదు.

ఏ వస్తువుకి ఎంత వెయ్యాలన్న దగ్గరే సగం తప్పులు జరుగుతాయి. ఫండ్ల విలువ, ఫండ్ కంపెనీల తరఫున మన ఖాతాల లెక్కలు చూసే కామ్స్, కెఫిన్‌టెక్ సంస్థలు ఇచ్చే ఉమ్మడి స్టేట్‌మెంట్‌లో ఒకేచోట దొరుకుతుంది. పీఎఫ్ పాస్‌బుక్‌లో ఆ ఏడాది వడ్డీ కొన్ని నెలలు ఆలస్యంగా పడుతుంది కాబట్టి, కనిపించిన నిల్వే వేసుకుని, ఏటా అదే పద్ధతి పాటిస్తాం. ఎల్‌ఐసీ పాలసీ ఉంటే దాని మీద రాసిన బీమా మొత్తం కాకుండా, ఈరోజు సరెండర్ చేస్తే చేతికి ఎంత వస్తుందో అది వెయ్యాలి. ఇల్లు మాత్రం మేం మూడేళ్లకోసారే ముట్టుకుంటాం. ఫ్లాట్ 60 లక్షలని రాసుకున్నాం. పక్క వింగ్‌లో 72కి అమ్మారని బ్రోకర్ చెప్పాడని మార్చేస్తే, మనం రూపాయి దాచకపోయినా ఆ ఏడు 12 లక్షలు సంపాదించినట్టు కనిపిస్తుంది.

బంగారం మాకు 30 కాసులు, అంటే 240 గ్రాములు. 22 క్యారెట్ ధర వేసి, అందులో పది శాతం తీసేస్తాం. అమ్మబోతే రాళ్లు, తరుగు పేరు మీద అంతో ఇంతో పోతుంది, కొన్నప్పుడు ఇచ్చిన మజూరీ తిరిగి రాదు. 2024 మార్చి చివర గ్రాము సుమారు 6,250. అలా 13.5 లక్షలయింది.

అప్పుల వైపు చాలామంది మర్చిపోయేది చీటీ. మేమూ మొదటి ఏడాది మర్చిపోయాం. చీటీ పాడుకుని ఆ డబ్బు ఎఫ్‌డీలో వేశాం. ఎఫ్‌డీని ఆస్తిలో రాశాం కానీ, ఇంకా కట్టాల్సిన 18 నెలల వాయిదాలు, నెలకి 10,000 చొప్పున 1.8 లక్షలు, ఎక్కడా రాయలేదు. పాడుకోని చీటీ ఆస్తి, పాడుకున్న చీటీ అప్పు. షీట్‌లో పాడుకున్న నెల తర్వాత అది ఇటునుంచి అటు మారాలి.

ఇప్పుడు అసలు చూడాల్సింది. 2023 మార్చిలో మా నికర ఆస్తి, అంటే అప్పులు తీసేయగా మిగిలింది, 73.9 లక్షలు, 2024 మార్చిలో 90.1 లక్షలు. ఏడాదిలో 16.2 లక్షలు పెరిగింది. ఆ అంకె చూసి మా ఆయన "కారు మార్చేద్దామా" అన్నారు. అప్పుడు ఆ 16.2ని విడదీశాం. మేం కొత్తగా పొదుపు చేసింది 5 లక్షలు. ఇంటి లోన్‌లో అసలు తగ్గింది 1.4 లక్షలు. మా కష్టం అంటే ఈ 6.4 లక్షలే. మిగతాదాంట్లో బంగారం ధర వల్ల 1.6 లక్షలు, పెట్టుబడుల మీద లాభం, వడ్డీ కలిపి 8.2 లక్షలు. ఆ ఏడాది నిఫ్టీ 17,360 నుంచి 22,327కి వెళ్లింది, మిడ్‌క్యాప్ అంతకన్నా బాగా పెరిగింది. అలాంటి ఏడాది ఏటా రాదు. అందుకే మా షీట్‌లో ఇప్పుడు "మొత్తం ఎంత పెరిగింది" పక్కనే "మేం చేసింది ఎంత" అని ఇంకో వరస ఉంటుంది. మార్కెట్ పడిన ఏడాది మొత్తం తగ్గినా ఈ వరస పెరిగితే ఇంట్లో అలవాట్లు సరిగ్గానే ఉన్నట్టు. మొత్తం పెరిగి ఈ వరస తగ్గితే మాత్రం ఆగి ఖర్చులు చూడాలి.

లక్ష్యాల దగ్గర ఒకటే మాట చెప్తాను. ఎంత జమయిందో చూసే ముందు లక్ష్యం ధర మళ్లీ కనుక్కోండి. పాప ఇంజనీరింగ్‌కి 2031లో డబ్బు కావాలి. 2023లో, నాలుగేళ్ల ఫీజు, హాస్టల్ కలిపి అప్పటి ధరలో 10 లక్షలని రాసుకున్నాం. 2024లో మా అపార్ట్‌మెంట్‌లోనే ఒక అబ్బాయి చేరితే వాళ్ల అమ్మగారిని అడిగాను. పుస్తకాలు, లాప్‌టాప్, ప్రయాణాలతో 12 లక్షలు తేలింది. ఏటా 8 శాతం పెరుగుతుందనుకుంటే ఏడేళ్లకి అది దాదాపు 20.6 లక్షలు. అప్పటికి పాప పేరు మీద పక్కన పెట్టింది 6.8 లక్షలు, నెలకి 6,000 వేసేవాళ్లం. 9 శాతం లెక్కన 2031కి 19.7 లక్షలవుతుంది. పాత అంకె 10 లక్షలతోనే చూసుకుని ఉంటే కావాల్సింది 17.1 లక్షలేనని, మనం ముందున్నామని అనుకుని ఊరుకునేవాళ్లం. కొత్త అంకెతో 90 వేల దాకా లోటు తేలింది. ఏడేళ్లు చేతిలో ఉన్నాయి కాబట్టి నెలకి 750 పెంచితే సరిపోయింది. ఇదే సంగతి 2029లో తెలిసుంటే నెలకి మూడు వేలకి పైగా పెంచాల్సి వచ్చేది.

ఇక మీ 60:40. ముందు ఆ నిష్పత్తి దేని మీద లెక్క వేస్తున్నారో చూసుకోండి. ఇల్లు, ఒంటిమీద వేసుకునే నగలు నికర ఆస్తిలో ఉండాలి కానీ, ఈ నిష్పత్తిలోకి రాకూడదు. వాటిని అమ్మి ఫండ్లు కొనం, ఫండ్లు అమ్మి నగలు చేయించం. అవి కూడా కలిపితే ఈక్విటీ ఎప్పుడూ చిన్నగా కనిపించి, ఇంకా కొనాలనిపిస్తుంది. అత్యవసరానికి ఉంచిన 3 లక్షలు కూడా మేం దీంట్లో కలపం.

మాది 2023 మార్చిలో ఈక్విటీ 18 లక్షలు, పీఎఫ్, పీపీఎఫ్, ఎఫ్‌డీ కలిపి 12 లక్షలు, సరిగ్గా 60:40. ఏడాది తిరిగేసరికి 28.2, 15. అంటే 65:35. అయిదు శాతం జరిగితే కదలాలి, అంతకు తక్కువైతే ముట్టుకోకూడదన్నది మా నియమం. దాన్ని మార్కెట్ ప్రశాంతంగా ఉన్నప్పుడే రాసుకున్నాం. పెరుగుతున్నప్పుడు అమ్మడానికి, పడుతున్నప్పుడు కొనడానికి మనసు ఒప్పుకోదు కాబట్టి, కాగితం మీద ఉండడం మంచిది.

సరిచేయడానికి మొదటి దారి కొత్త డబ్బు. ఈక్విటీ విలువని 0.60తో భాగించి, అందులోంచి ప్రస్తుత మొత్తం తీసేస్తే డెట్ వైపు ఎంత కొత్త డబ్బు పడాలో వస్తుంది. మాకు 28.2ని 0.60తో భాగిస్తే 47, అందులో 43.2 తీసేస్తే 3.8 లక్షలు. మా ఏడాది పొదుపు 5 లక్షలు కదా, సిప్ పూర్తిగా ఆపేసి అంతా అటే వేస్తే తొమ్మిది నెలల పని. సిప్ ఆపడం మా ఆయనకి ఇష్టం లేదు, ఒకసారి ఆపితే మళ్లీ మొదలుపెట్టడం కష్టమన్నారు. ఆ భయం నాకూ ఉంది. అందుకని ఏడాది దాటిన మిడ్‌క్యాప్ యూనిట్లు 1.2 లక్షలవి అమ్మి ఎఫ్‌డీలో వేశాం. అందులో లాభం 50 వేల లోపే. అప్పట్లో ఏడాదికి లక్ష దాకా దీర్ఘకాల లాభానికి పన్ను లేదు కాబట్టి ఏమీ కట్టలేదు. నెలనెలా 25,000 సిప్‌లో 10,000 రికరింగ్ డిపాజిట్‌కి మళ్లించాం. 2025 మార్చికి నిష్పత్తి 60:40 దగ్గరికి వచ్చేసింది, సిప్‌ని మళ్లీ 25,000 చేశాం.

ఆ డబ్బు పీపీఎఫ్‌లో కాకుండా డిపాజిట్‌లో ఎందుకు వేశామంటే, 2020 నేర్పింది. జనవరిలో 12,000 పైన ఉన్న నిఫ్టీ మార్చి 23న 7,610కి వచ్చింది. మా నిష్పత్తి 48:52 అయింది. నియమం ప్రకారం డెట్ నుంచి తీసి ఈక్విటీ కొనాలి. తీయబోతే డెట్ అంతా పీఎఫ్, పీపీఎఫ్‌లోనే ఉంది. కాగితం మీద 52 శాతం ఉన్నా, అవసరానికి కదిలే రూపాయి అందులో లేదు. నెలవారీ సిప్ తప్ప ఏమీ చేయలేకపోయాం. అప్పటినుంచి డెట్‌లో కనీసం నాలుగో వంతు ఎప్పుడంటే అప్పుడు విరగ్గొట్టే వీలున్నదాంట్లో ఉంచుతున్నాం. మీ షీట్‌లో డెట్‌ని "తాళం వేసింది", "తీయగలిగింది" అని రెండుగా రాసుకోండి.

మీరు 70:30లో ఉన్నారు కాబట్టి, ప్రతి 10 లక్షలకి సుమారు 1.67 లక్షల కొత్త డబ్బు డెట్‌లో పడాలి. మొత్తం 30 లక్షలైతే 5 లక్షలన్నమాట. మీ ఏడాది పొదుపు దానికి దగ్గరగా ఉంటే అమ్మకండి, సిప్‌లో సగం మళ్లించండి, కొంచెం ఎక్కువ కాలం పడుతుంది, అంతే. పొదుపు అందులో సగం కూడా లేకపోతే మాత్రం కొత్త డబ్బుతో ఏళ్లు పడుతుంది, కొంత అమ్మక తప్పదు. అలా అమ్మేటప్పుడు ఏడాది నిండిన యూనిట్లే, త్వరగా అమ్మితే ఫండ్ కోసుకునే ఎగ్జిట్ లోడ్ గడువు దాటినవే తీసుకోండి. 2024 జులై 23 నుంచి దీర్ఘకాల లాభం మీద ఏడాదికి 1.25 లక్షలు దాటిన దానికే 12.5 శాతం పన్ను. ఇది మనిషికి విడివిడిగా లెక్క కాబట్టి, ఫండ్లు ఇద్దరి పేర్ల మీదా ఉంటే ఇద్దరూ వాడుకోవచ్చు. ఇంకా పెద్ద మొత్తమైతే సగం మార్చి ఆఖరి వారంలో, సగం ఏప్రిల్ మొదటి వారంలో అమ్మితే రెండు ఆర్థిక సంవత్సరాల మినహాయింపు వస్తుంది.