డెడ్‌లైన్ దాటిపోతోంది, క్లయింట్‌కి మెయిల్ ఎలా రాయాలి?

ప్రశ్న: అక్కా, మాది విజయనగరం. మెల్‌బోర్న్ వచ్చి ఏడాదవుతోంది. ఇక్కడ ఒక బేకరీకి ఆన్‌లైన్ ఆర్డర్ పేజీ చేసిస్తానని 3,000 డాలర్లకి ఒప్పుకున్నాను. సగం ముందే ఇచ్చారు. కోడింగ్ చేసేది మా ఊళ్లో ఉన్న ఇద్దరు కుర్రాళ్లు. పేజీ ఈ రోజే, బుధవారం 8న ఇవ్వాలి. సిరిమాను పండగని వాళ్లు శనివారం నుంచే సెలవులో ఉన్నారు. బేకరీ ఆవిడేమో గురువారం నుంచి ఆర్డర్లు తీసుకుంటామని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేసింది. టెన్షన్‌తో నిద్ర లేదు. ఏమని రాయమంటారు?

జవాబు: చెల్లెమ్మా, మాది నరసన్నపేట. సిరిమాను మంగళవారం నాడు మూడు లాంతర్ల దగ్గర నిలబడకుండా కంప్యూటర్ ముందు కూర్చునే విజయనగరం కుర్రాడు ఉంటాడని నేను అనుకోను. దసరా తర్వాత వచ్చే మంగళవారమేగా, ముందే తెలిసిన సంగతి. అందుకే మెయిల్‌లో పండగ కథ వద్దు, ‘సాంకేతిక సమస్యలు’ అన్న అబద్ధమూ వద్దు. మా టీమ్ సెలవుల్ని లెక్కలోకి తీసుకోకుండా నేను తేదీ ఇచ్చాను, తప్పు నాది అని ఒక్క వాక్యం రాయి, చాలు. కుర్రాళ్ల మీదికి తోయకు. ఆవిడ ఒప్పందం నీతో.

రాసే ముందు కుర్రాళ్లకి ఫోన్ చేసి అసలు ఎంత మిగిలిందో కనుక్కో. ‘రెండ్రోజుల్లో అయిపోద్దక్కా’ అంటే నమ్మేయకు. మెనూ పేజీ ఎప్పటికి, ఆర్డర్ ఫారం ఎప్పటికి, కార్డు పేమెంట్ పరీక్ష ఎప్పటికి అని విడివిడిగా అడుగు. పేమెంట్ కంపెనీ బేకరీ అకౌంట్‌ని ఆమోదించడం మీ చేతిలో లేదు, దానికి విడిగా రోజులు వదులు. ఇంకో చిక్కు: అక్టోబర్ మొదటి ఆదివారం ఇక్కడ గడియారం గంట ముందుకి జరిగింది. తేడా ఇప్పుడు ఐదున్నర గంటలు. వాళ్లు సాయంత్రం ఐదింటికి ఇస్తే ఇక్కడ రాత్రి పదిన్నర. మెయిల్‌లో ప్రతి టైమూ మెల్‌బోర్న్ టైమే అని రాయి.

ఆవిడకి అన్నిటికన్నా ముందు కావలసింది గురువారం ఆర్డర్లు. మీ పేజీ లేకపోయినా అవి తీసుకోవచ్చు. ఈ రాత్రికే ఒక గూగుల్ ఫారం చెయ్యి: పేరు, ఫోన్, ఏ కేకు, ఏ రోజు తీసుకెళ్తారు. డబ్బు షాపులో కడతారు. ఆవిడ మాట పోకుండా ఉంటుంది.

మెయిల్ ఇంగ్లిష్‌లో వెళ్తుంది, సారం ఇదీ:

సబ్జెక్ట్: ఆర్డర్ పేజీ ఈ రోజు సిద్ధం కాదు, కొత్త తేదీ గురువారం 16

“ఈ రోజు ఇస్తానన్న ఆర్డర్ పేజీ ఇవ్వలేకపోతున్నాను, క్షమించండి. మా టీమ్ సెలవుల్ని లెక్కలోకి తీసుకోకుండా తేదీ ఇచ్చాను, తప్పు నాది. మీరు రేపటి నుంచి ఆర్డర్లు తీసుకుంటామని ప్రకటించారని తెలుసు. అందుకని తాత్కాలిక ఫారం లింకు ఈ రాత్రి 8 లోపు పంపుతాను. శుక్రవారం 10, సాయంత్రం 5కి మెనూ, ఆర్డర్ ఫారం మీరు చూసుకోవడానికి టెస్ట్ లింకులో ఉంటాయి. మార్పులుంటే సోమవారం మధ్యాహ్నంలోగా చెప్పండి. మంగళవారం 14, సాయంత్రం 5కి పని ఎంతవరకూ వచ్చిందో రాస్తాను. గురువారం 16, ఉదయం 10కి పేజీ మొదలవుతుంది. పేమెంట్ అకౌంట్ ఆమోదం అప్పటికి రాకపోతే ‘షాపులో చెల్లింపు’తో మొదలుపెడతాం. ఈ ఆలస్యానికి చివరి ఇన్‌వాయిస్‌లో 150 డాలర్లు తగ్గిస్తున్నాను.”

మంగళవారం మెయిల్ మాత్రం మర్చిపోకు. పని బాగా సాగుతున్నా రాయాలి. ఆ రోజు ఏమీ రాకపోతే ఆవిడ మళ్లీ ఆలస్యమనే అనుకుంటుంది.

150 ఎందుకంటావా? మిగిలిన 1,500లో పదో వంతు అది. తగ్గించారని తెలుస్తుంది, నీ చేయీ మరీ కాలదు. ‘మీకు ఎంత సబబనిపిస్తే అంత’ అని మాత్రం రాయకు, బేరం మొదలవుతుంది. ‘ఇకపై మార్పులన్నీ ఫ్రీ’ అని అసలే అనకు, వచ్చే క్రిస్మస్ దాకా చేస్తూనే ఉంటావు. ఆ 150 కుర్రాళ్ల జీతంలో కోసుకోవడం కూడా నాకు న్యాయంగా అనిపించదు. ఒప్పందంలో ఆలస్యానికి తగ్గింపు ఇంత అని ముందే రాసి ఉంటే అదే ఇవ్వాలి. నీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, టాక్స్ ఇన్‌వాయిస్ ఇప్పటికే పంపేసి ఉంటే తగ్గించిన మొత్తానికి అడ్జస్ట్‌మెంట్ నోట్ ఇవ్వాలి, అకౌంటెంట్‌కి చెప్పు.

ముందు ఫోన్ చేసి రెండు ముక్కలు చెప్పి, వెంటనే మెయిల్ పంపు. ఆవిడ ‘సగం డబ్బు వెనక్కివ్వు’ అంటే ఫోన్‌లోనే ఒప్పేసుకోకు. ఏం నష్టం వచ్చిందో అడుగు, రాసుకో, రేపు మధ్యాహ్నంలోగా మెయిల్‌లో జవాబిస్తానని చెప్పు.