రాజీనామా ఉత్తరం మళ్లీ రాసి పంపుతున్నాను, చూడు

విజయనగరం,
జూన్ 21

చి. సౌ. లలితకు మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి పదకొండున్నరకు నువ్వు వాట్సాప్‌లో పెట్టిన మూడు పేజీలూ ఫోన్లో చదవడానికి నా కళ్లు సహకరించలేదు. పొద్దున్నే మూడు లాంతర్ల దగ్గర జిరాక్సు షాపుకెళ్లి ప్రింటు తీయించాను. కాగితాలు ఇస్తూ ఆ షాపు కుర్రాడు, "ఎవరో గానీ బాగా మండి రాసినట్టున్నారండీ" అన్నాడు. ప్రింటు తీసిన రెండు నిమిషాల్లో వాడే చదివేశాడంటే, ఇక బ్యాంకులో ఎంతమంది చదువుతారో ఆలోచించు.

నువ్వు ఆ ఉత్తరం మీ మేనేజరు మొహం మీద కొట్టాలని రాశావు. ఆయన దాన్ని చదవడం ఒక్కసారే, ఫార్వర్డ్ చేసేటప్పుడు. తర్వాత అది రీజనల్ ఆఫీసుకు పోతుంది. అక్కడ హెచ్ఆర్ సీట్లో ఉన్న ఆఫీసరు దాన్ని ముందు పెట్టుకుని నోట్ తయారుచేస్తాడు. రిటైరయ్యే ముందు ఆరేళ్లు నేను కూర్చున్నది ఆ సీట్లోనే. ఉత్తరంలో మేం వెతికేవి చాలా తక్కువ: ఏ తేదీ నుంచి మానేస్తున్నారు, నోటీసు సరిపోయిందా, అప్పులేమున్నాయి, ఎంక్వయిరీ ఏదైనా నడుస్తోందా. వీటికి జవాబు దొరికితే నోట్ అరగంటలో పైకి వెళ్తుంది. జవాబు దొరకని వాక్యం ఒక్కటి కనపడినా, "బ్రాంచి నుంచి వివరణ కోరవచ్చు" అని రాసి కాగితం వెనక్కి పంపేవాళ్లం. నీ ఉత్తరంలో అలాంటి వాక్యాలు పదకొండు ఉన్నాయి. ఎర్ర పెన్నుతో లెక్కపెట్టాను.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది రెండో పేజీలో ఉంది. "ఇద్దరి దగ్గర ఉండాల్సిన తాళాలు రెండూ నా చేతిలో పెట్టి మేనేజరు వెళ్లిపోయేవారు, బంగారం లోన్లన్నీ నేనొక్కదాన్నే చూసుకున్నాను" అన్నావు. చాకిరీ ఎంత చేయించుకున్నారో చెప్పడమే నీ ఉద్దేశం. కానీ నా పాత సీట్లో కూర్చున్నవాడికి అక్కడ చాకిరీ కనపడదు. జాయింట్ కస్టడీ తప్పిందనీ, తప్పినట్టు ఆఫీసరే రాసి సంతకం పెట్టిందనీ కనపడుతుంది. వెంటనే ఆ ఫైలు విజిలెన్స్ వాళ్ల బల్ల మీదికి పోతుంది. డిసిప్లినరీ కేసు నడుస్తుండగా రాజీనామా ఇస్తే, పై అధికారి ఒప్పుకుంటే తప్ప అది అమల్లోకి రాదు. నీ టికెట్ ఏమో నవంబరులో.

అలాగని ఆ విషయం కప్పిపెట్టమని నేను చెప్పను, అది చిన్న సంగతి కాదు. ఇవాళే మీ మేనేజరుకు చెప్పు, ఆయన వినకపోతే రీజనల్ మేనేజరుకే చెప్పు. రెండో తాళం ఇంకో ఆఫీసరుకు రిజిస్టర్లో రాయించి అప్పజెప్పు. ప్యాకెట్లన్నీ ఇద్దరూ కూర్చుని లెక్కపెట్టండి. ఫిర్యాదే చెయ్యాలంటే తేదీలతో సహా వేరే కాగితం రాయి, నేను సాయం చేస్తాను. రాజీనామాలో మాత్రం అది కలపకు. అందులో రాస్తే ఫిర్యాదుగా విచారించరు, కోపంలో మానేస్తూ ఏదో అన్నదంటారు.

ఇక తేదీ. "ఈ నరకంలో ఒక్క రోజు కూడా ఉండలేను, వెంటనే రిలీవ్ చేయండి" అని రాశావు. 1979 నాటి ఆఫీసర్ల సర్వీసు రెగ్యులేషన్ల ప్రకారం నీలాంటి కన్ఫర్మ్ అయిన ఆఫీసరు మూడు నెలల నోటీసు ఇవ్వాలి. ఆ గడువు తగ్గించే అధికారం పైవాళ్లకు ఉంది గానీ, తగ్గించి తీరాలని లేదు. తిట్టిన నోటితోనే తగ్గించమని అడిగితే ఎవరు తగ్గిస్తారు? పైగా నీకు అంత తొందరేముంది? జూలై 6 సోమవారం ఉత్తరం ఇస్తే అక్టోబరు 5తో గడువు తీరుతుంది. ఒకటో తారీఖునే ఇవ్వమనేవాణ్ణి గానీ, అప్పుడు ఆఖరి రోజు సెప్టెంబరు 30 అవుతుంది. అర్ధ సంవత్సరం క్లోజింగ్ రోజున నీ చార్జి తీసుకునే తీరిక బ్రాంచిలో ఎవరికుంటుంది?

తేదీ వేసి రాయడంలో ఇంకో సంగతీ ఉంది. నోటీసు గడువు తీరేలోపు మనసు మారితే రాజీనామా వెనక్కి తీసుకోవచ్చు. 1989లో పంజాబ్ నేషనల్ బ్యాంకు ఆఫీసరు ఒకాయన కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది. ఆయన ముందు తేదీ వేసి రాజీనామా ఇస్తే, బ్యాంకు అప్పటికప్పుడే ఆమోదించేసింది. తర్వాత ఆయన వెనక్కి తీసుకుంటానంటే, ఆ గడువు లోపల ఆ హక్కు ఆయనకుందని కోర్టు తేల్చింది. మీ ఆయనకు కెనడాలో ఉద్యోగం స్థిరంగా ఉంది, నీ కాగితాలూ వచ్చాయి, సరే. అయినా మూడు నెలల్లో ఏమైనా జరగొచ్చు. "వెంటనే" అన్న ఒక్క మాటతో ఆ తలుపు నువ్వే మూసుకుంటున్నావు.

"నా బకాయిలు ఏవుంటే అవి మీరే కోసుకోండి" అన్నావు చూడు, అది కోపంలో ఇచ్చిన ఖాళీ చెక్కు. శ్రీకాకుళంలో ఇల్లు కొన్న స్టాఫ్ హౌసింగ్ లోన్ నీ పేరున ఉంది కదా. ఉద్యోగం మానేశాక స్టాఫ్ వడ్డీ రేటు ఉండదు. లోను తీర్చెయ్యాలి, లేదా మామూలు కస్టమరు రేటుకు మార్పించుకోవాలి. గ్రాట్యుటీ సొమ్ము చేతికొస్తుందనీ, దానితో ఏదో చేద్దామనీ మీ ఆయన లెక్కలేసుకుంటున్నట్టు మీ అమ్మ చెప్పింది. అయిదేళ్లు దాటింది కనుక గ్రాట్యుటీ వస్తుంది. కానీ బాకీల లెక్క కాగితం మీద చూడకుండా ఆ సొమ్ముకు కార్యక్రమాలు వేసుకోవద్దను. అందుకే ఉత్తరంలో స్టేట్‌మెంట్ అడుగుతూ ఒక వాక్యం పెట్టాను.

మిగతావి, సెలవులు ఇవ్వలేదని, ఆదివారాలు కూడా ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మించారని, ట్రాన్స్‌ఫర్ మూడుసార్లు తిప్పికొట్టారని, అన్నీ నిజాలే. నాకు తెలుసు. వాటన్నిటినీ గీత పెట్టి కొట్టేశాను. నేనూ ఒకప్పుడు ట్రాన్స్‌ఫర్ ఇవ్వలేదన్న మంటతో ఒక ఉత్తరం రాశాను. "ఈ సంస్థలో మనుషులకు విలువ లేదు" అన్నాను. నాలుగేళ్ల తర్వాత ప్రమోషన్ ఇంటర్వ్యూలో నా పర్సనల్ ఫైలు తిరగేస్తూ ఒకాయన ఆ కాగితం దగ్గర ఆగాడు. ఆ వాక్యం కింద ఎవరో ఎప్పుడో ఎర్ర సిరాతో గీత గీశారు. "ఇప్పుడేమంటారు, విలువ పెరిగిందా?" అని నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నువ్వు ఇక్కడ ఇంటర్వ్యూలకు కూర్చోవు, నిజమే. కానీ అక్కడ బ్యాంకు ఉద్యోగానికి వెళ్తే వాళ్లు ఇక్కడి హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి ఆరా తీస్తారు. జవాబిచ్చే మనిషికి నువ్వెవరో తెలియదు, ఫైలు తీసి పైనున్న కాగితం చూస్తాడు. ఆ పైకాగితం నీ రాజీనామాయే.

కృతజ్ఞతల విషయంలో ఒక మాట. కోపం తీసేశాక చాలామంది వెంటనే "ఈ మహోన్నత సంస్థకు సదా ఋణపడి" అని మొదలుపెడతారు. అది చదివితే నాకు తిట్లే నయమనిపించేది. నిజంగా జరిగింది ఒకటి రాస్తే చాలు. నువ్వు 2018లో ఉద్దానంలో ఉన్నావు. అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగినప్పుడు కరెంటు లేక జనరేటరు మీద బ్రాంచి నడిపారు. రీజనల్ ఆఫీసు వాళ్లు క్యాష్ వ్యానులో డబ్బుతో పాటు మంచినీళ్ల డబ్బాలు కూడా పంపారని నువ్వే ఫోన్లో చెప్పావు. ఆ రోజు నీ గొంతు నాకింకా గుర్తుంది. అది రాశాను.

ఇదిగో ఉత్తరం. తెలుగులో రాశాను, నువ్వు ఇంగ్లీషులో టైపు చేసుకో. రీజనల్ మేనేజరు పేరున, మీ బ్రాంచి మేనేజరు ద్వారా.

"అయ్యా,

విషయం: ఆఫీసరు ఉద్యోగానికి రాజీనామా.

నా భర్త ఉద్యోగరీత్యా మా కుటుంబం కెనడాలో స్థిరపడుతున్నందున, బ్యాంకు ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. దయచేసి ఈ ఉత్తరాన్ని నిబంధనల ప్రకారం మూడు నెలల నోటీసుగా స్వీకరించి, 5 అక్టోబరు సాయంత్రం పని వేళలు ముగిశాక నన్ను రిలీవ్ చేయవలసిందిగా కోరుతున్నాను.

నా దగ్గరున్న తాళాలు, బంగారం రుణాల ప్యాకెట్లు, డాక్యుమెంట్లు మీరు సూచించిన ఆఫీసరుకు జాబితా ప్రకారం లెక్క చూపించి అప్పగిస్తాను. ఈ పని సెప్టెంబరు మూడో వారంలోపు పూర్తి చేయాలని నా ఉద్దేశం.

నా పేరున ఉన్న హౌసింగ్ లోను, ఇతర బాకీల స్టేట్‌మెంట్ ఇప్పించగలరు. రిలీవ్ అయిన తర్వాత లోను కొనసాగించే పద్ధతి కూడా తెలియజేయగలరు. రిలీవింగ్ ఆర్డరు, సర్వీసు సర్టిఫికెట్ ఇప్పించవలసిందిగా మనవి.

2016లో ప్రొబేషనరీ ఆఫీసరుగా చేరిన నాకు పని నేర్పింది ఈ జిల్లా బ్రాంచీలే. 2018లో తిత్లీ తుపాను తర్వాత మా బ్రాంచికి నగదు, మంచినీళ్లు అందించి, జనానికి మేం డబ్బు చెల్లించగలిగేలా రీజనల్ ఆఫీసు నిలబడిన తీరు మరచిపోలేను. నాతో పనిచేసిన వారందరికీ కృతజ్ఞతలు.

భవదీయురాలు"

ఇంతే, ఒక పేజీ దాటదు. "వ్యక్తిగత కారణాలు" అని పెట్టలేదు. కారణం దాచుకోవలసింది కాదు, దాచితే ఇంకో బ్యాంకులో చేరుతున్నావేమోనని ఊహిస్తారు. మేనేజరు పేరు మంచికీ చెడుకీ ఎక్కడా రాయలేదు. ఆయన్ని పొగడమంటే నీకు చెయ్యి రాదని తెలుసు, "అందరికీ" అన్నదాంట్లో ఆయన్నీ కలిపేశాను.

రెండు కాపీలు తీసి, రెండోదాని మీద బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకో. మూడు నెలలు లెక్కకట్టేది ఆ ముద్ర తేదీ నుంచే. మీవాళ్ల హెచ్ఆర్ పోర్టల్లో కూడా రాజీనామా ఎక్కించమంటారేమో అడుగు, అడిగితే అక్కడా ఇదే తేదీ వెయ్యి. మేనేజరు ఫార్వర్డ్ చేయకుండా డ్రాయర్లో పెట్టుకుంటే గొడవపడకు. వారం చూసి, ముద్రపడిన కాపీని స్కాన్ తీసి రీజనల్ ఆఫీసుకు మెయిల్ పెట్టు. వెళ్లాక నీ సేవింగ్స్ ఖాతాను విదేశాల్లో ఉండేవాళ్ల ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకోవాలి. బ్యాంకు ఆఫీసర్లే ఈ పని మరిచిపోతుంటారు.

నీ మూడు పేజీలూ నా బీరువాలో పెట్టాను. చించెయ్యమంటే చించేస్తాను గానీ, మూడో పేజీ బాగా రాశావు.

పోయినేడు మన పైడితల్లమ్మ పండగలో తొలేళ్లకు సెలవు ఇవ్వలేదని కూడా అందులో రాశావు. దాన్ని కొట్టేస్తుంటే మీ అత్తయ్య పక్కనే ఉండి, "ఈ ఏడు పండగ నాటికి రిలీవైపోతుంది కదా, సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను రెండూ చూసుకునే వెళ్లమనండి" అంది. టికెట్ తేదీ ఖాయమయ్యాక ఆవిడకు ఫోన్ చెయ్యి.

మీ మావయ్య